చుక్క చేరాల్సిన చోటు

చెవి రంధ్రానికి ముందు, చెంపను ఆనుకుని చిన్న బుడిపె ఉంటుంది. చెవిపోటని వచ్చినవాళ్లకు ఈఎన్‌టీ డాక్టర్లు చాలాసార్లు మొదట దాన్నే వేలితో నొక్కి చూస్తారు. తర్వాత చెవి దొప్పను మెల్లగా పైకీ వెనక్కీ లాగుతారు. ఈ రెంటిలో దేనికైనా పిల్ల కెవ్వుమందంటే జబ్బు కర్ణభేరికి ఇవతల, బయటి చెవి గొట్టంలో ఉందన్నమాట. కర్ణభేరికి అవతల, మధ్యచెవిలో చీము పట్టినప్పుడు దొప్పను లాగినా నొప్పి పెద్దగా పెరగదు. పైగా ఆ రకానికి ముందు సాధారణంగా జలుబో జ్వరమో ఉంటుంది.

వేసవి సెలవుల్లో ఈత శిబిరాలకు వెళ్లే పిల్లలకు వచ్చేది ఎక్కువగా మొదటి రకం. దీన్ని వైద్యులు ఓటైటిస్ ఎక్స్‌టర్నా అంటారు, ఈత కోచ్‌లు స్విమ్మర్స్ ఇయర్ అంటారు. వినడానికి చిన్న జబ్బు. కానీ ఒక్క అమెరికాలోనే 2007లో దీనికోసం జనం సుమారు 24 లక్షల సార్లు డాక్టర్ల దగ్గరకు వెళ్లారని అక్కడి ప్రజారోగ్య సంస్థ సీడీసీ లెక్కగట్టింది.

కొలనులో నీళ్లు మురికిగా ఉండటం వల్లే ఇది వస్తుందని చాలామంది అనుకుంటారు. అది సగం నిజమే. శుభ్రంగా ఉన్న కొలనులో ఈదినా రావచ్చు. ఎందుకో తెలియాలంటే చెవి గొట్టం లోపలికి ఒకసారి తొంగిచూడాలి.

పెద్దవాళ్లలో ఆ గొట్టం పొడవు దాదాపు రెండున్నర సెంటీమీటర్లు. బయటి మూడో వంతుకు మృదులాస్థి ఆధారం. అక్కడి చర్మం కాస్త మందం, అందులో వెంట్రుకలూ గులిమిని తయారుచేసే గ్రంథులూ ఉంటాయి. లోపలి రెండు వంతుల్లో మాత్రం చర్మం పల్చటి పొరలా నేరుగా ఎముకకు అంటుకుని ఉంటుంది. మధ్యలో కొవ్వు లేదు, గులిమి గ్రంథులూ లేవు. అందుకే అక్కడ వాపు వస్తే సాగడానికి చోటుండదు. అంత చిన్న జబ్బుకు అంత నొప్పి ఎందుకో ఇక్కడే తెలుస్తుంది.

గులిమిని మనం మురికి కింద లెక్కగడతాం గానీ ఆ గొట్టానికి కాపలా అదే. అందులో కొవ్వు పదార్థాలు ఉండటంతో నీటిని చర్మంలోకి ఇంకనివ్వదు. దానికి కొంచెం ఆమ్లగుణం ఉంటుంది కాబట్టి బాక్టీరియా, బూజు సులువుగా పెరగలేవు. ఇక శుభ్రం చేసే పనిని చర్మమే చూసుకుంటుంది. కర్ణభేరి మీద పుట్టిన చర్మకణాలు, గోరు పెరిగినంత నెమ్మదిగా, బయటివైపు జరుగుతూ వచ్చి పాత గులిమిని రంధ్రం దాకా మోసుకొస్తాయి. మామూలు చెవికి లోపలినుంచి ఎవరూ ఏమీ తీయనక్కర్లేదు.

కొలను నీళ్ల ఉదజని సూచికను 7.2 నుంచి 7.8 మధ్య ఉంచుతారు. కళ్లు మండకుండా, క్లోరిన్ బాగా పనిచేసేలా చూసుకునే లెక్క అది. కానీ ఆ నీళ్లు రోజూ గంటా రెండు గంటలు చెవిలో ఆడితే గులిమి కరిగి కొట్టుకుపోతుంది, ఆమ్లగుణం తగ్గిపోతుంది, చర్మం నాని ఉబ్బుతుంది. ఇక ఆ చర్మం మీద గీతంత గాయమైనా చాలు. ఆ గీత గీసేది సాధారణంగా మనమే. నాని దురద పెడుతుంటే దూది పుల్లో, పిన్నీసో, తాళంచెవో పెట్టి గోకుతాం. అక్కడినుంచి సూడోమోనాస్ ఎరుగినోసా, స్టాఫిలోకాకస్ ఆరియస్ అనే రెండు బాక్టీరియాలలో ఏదో ఒకటి, లేదంటే రెండూ, లోపలికి దిగుతాయి. సూడోమోనాస్‌కు తడి ఉన్న చోటల్లా ఇల్లే. క్లోరిన్ తగ్గిన కొలనులో అది త్వరగా పెరుగుతుంది. మన మే నెల ఎండకు ఆరుబయటి కొలనుల్లో క్లోరిన్ ఎంత వేగంగా హరించుకుపోతుందో నిర్వాహకులకు తెలియాలి. అందరికీ తెలుసని నాకు నమ్మకం లేదు.

ఇక ఒక కేసును మొదటినుంచి చివరిదాకా చూద్దాం. ఇది ఒక్క అమ్మాయి కథ కాదు, ఏటా వేసవిలో చెవి పట్టుకుని వచ్చే పిల్లలందరి కథనూ కలిపి చెప్పింది. వయసు పద్నాలుగు. ఉదయం గంట, సాయంత్రం గంట ఈత. రెండో వారంలో కుడి చెవి దురద మొదలైంది. స్నానం కాగానే దూది పుల్ల పెట్టుకోవడం అలవాటైంది. ఆ వారం చివరికి నమిలితే నొప్పి, ఆ పక్కకు తిరిగి పడుకుంటే నొప్పి. అమ్మమ్మ వెల్లుల్లి వేసి కాచిన నూనెను గోరువెచ్చగా రెండు చుక్కలు వేసింది. నొప్పి తగ్గలేదు సరికదా, చెవి దిబ్బడ వేసింది. మర్నాడు మందుల షాపులో అమాక్సిసిలిన్ మాత్రలు, ఒక చుక్కల సీసా ఇచ్చారు. మూడు రోజులు వాడాక కూడా నొప్పి తగ్గకపోగా పెరిగింది.

ఇందులో ఏ అడుగు ఎందుకు తప్పిందో చూద్దాం. గోరువెచ్చని నూనె అప్పటికే మంటెక్కిన చర్మాన్ని ఇంకా రెచ్చగొట్టవచ్చు, వాచిన గొట్టంలో చెత్తతో కలిసి అడ్డుపడనూ వచ్చు. కర్ణభేరికి చిల్లు ఉంటే మధ్యచెవిలోకే పోతుంది. అమాక్సిసిలిన్‌కు సూడోమోనాస్ లొంగదు. అది ఆ మందు నాణ్యతలో లోపం కాదు, ఆ బాక్టీరియా స్వభావం. మరి చుక్కల మందు? అది సరైనదే అయి ఉండవచ్చు. కానీ గొట్టం వాచి దాదాపు మూసుకుపోయింది, ఉన్న కాస్త సందులో రాలిన చర్మం, చీము, నూనె కలిసి ముద్దకట్టాయి. చుక్క ఆ ముద్ద మీద పడి తిరిగి చెంప మీదికి కారిపోయింది. ఈ జబ్బులో వైద్యం విఫలమైందంటే ఎక్కువసార్లు తప్పు మందుది కాదు, మందు చర్మాన్ని తాకలేదు, అంతే.

అందుకే అసలు వైద్యం శుభ్రం చేయడంతో మొదలవుతుంది. అది డాక్టరు పని. తలకు కట్టుకున్న దీపం వెలుగులోనో మైక్రోస్కోప్ కిందో చూస్తూ, సన్నని గొట్టంతో చీమునూ చర్మపు పొట్టునూ పీల్చేస్తారు. లేదా సన్నని లోహపు పుల్లకు దూది చుట్టి పొడిగా అద్ది తీస్తారు. ఇంట్లో దూది పుల్లతో చేసే పనికీ దీనికీ పోలిక లేదు. ఆయన ప్రతి కదలికా చూస్తూ చేస్తాడు, మనం చీకట్లో తోస్తాం. పిచికారీతో నీళ్లు కొట్టి కడిగే పద్ధతి ఉంది గానీ దానికి హద్దులున్నాయి. కర్ణభేరి చిల్లు పడలేదని ఖాయంగా తెలియాలి, నీళ్లు శరీర ఉష్ణోగ్రతలో ఉండాలి. మధుమేహం ఉన్నవాళ్లకు, రోగనిరోధక శక్తి తగ్గినవాళ్లకు కుళాయి నీటితో కడగడం మంచిది కాదు. ఎముకలోకి పాకే తీవ్రమైన ఇన్ఫెక్షన్‌కు అది దారితీసిన సందర్భాలు వైద్య సాహిత్యంలో ఉన్నాయి.

మన అమ్మాయి చెవిలో శుభ్రం చేశాక కూడా కర్ణభేరి కనిపించలేదు, గొట్టం అంతగా వాచింది. అప్పుడు డాక్టరు చిన్న స్పాంజి పుల్లను లోపలికి జరిపి పెట్టాడు. దాన్ని విక్ అంటారు. పొడిగా ఉన్నప్పుడు సన్నగా గట్టిగా ఉంటుంది. దాని మీద చుక్కల మందు పడగానే తాగి ఉబ్బి, గొట్టం గోడలకు అన్నివైపులా ఆనుతుంది. మందును లోపలి చివరిదాకా తీసుకుపోవడమే కాదు, వాచిన గోడలను మెల్లగా ఒత్తుతూ ఉంటుంది కూడా. పెట్టేటప్పుడు బాగా నొప్పి పుడుతుంది, అది దాచాల్సిన సంగతి కాదు. కానీ ఆ రాత్రే చాలామందికి కొంత ఊరట దొరుకుతుంది. వాపు తగ్గాక, సాధారణంగా రెండు మూడు రోజుల్లో, అది వదులై ఊడి వస్తుంది, లేదంటే డాక్టరు తీసేస్తాడు.

ఇక చుక్కల సంగతి. మామూలుగా వాడేవి ఆఫ్లాక్సాసిన్, సిప్రోఫ్లాక్సాసిన్ లాంటి క్వినలోన్ యాంటీబయాటిక్‌లు. వాపు ఎక్కువగా ఉంటే స్టెరాయిడ్ కలిసినవి రాస్తారు, అది నొప్పిని త్వరగా తగ్గిస్తుంది. నియోమైసిన్, జెంటామైసిన్ ఉన్న చుక్కలూ ఉన్నాయి. అవి కర్ణభేరికి చిల్లు ఉంటే లోపలి చెవికి హాని చేయగలవు, వినికిడినీ శరీర సమతుల్యతనూ దెబ్బతీయగలవు. అందుకే చిల్లు ఉందో లేదో తెలియనప్పుడు క్వినలోన్ చుక్కలే క్షేమం. చాలా ఆస్పత్రుల్లో కూడా ఇదే పద్ధతి.

“మాత్రలు రాయలేదేమిటి, డాక్టరుగారూ?” అని తల్లిదండ్రులు అడుగుతారు. చుక్కలంటే కాస్త తేలికైన మందని వాళ్ల భావం. లెక్క చూస్తే తలకిందులుగా ఉంటుంది. 0.3 శాతం చుక్కల మందులో ప్రతి మిల్లీలీటరుకు 3 మిల్లీగ్రాముల యాంటీబయాటిక్ ఉంటుంది, అంటే 3,000 మైక్రోగ్రాములు. 500 మిల్లీగ్రాముల సిప్రోఫ్లాక్సాసిన్ మాత్ర మింగితే రక్తంలో పై స్థాయి మిల్లీలీటరుకు రెండు మూడు మైక్రోగ్రాములకు మించదు. అంటే చెవిలో వేసిన మందు గాఢత దాదాపు వెయ్యి రెట్లు. అందుకే చీము పరీక్ష నివేదికలో ఈ బాక్టీరియా ఫలానా మందుకు లొంగదని రాసినా, డాక్టరు ఆ చుక్కలనే కొనసాగించవచ్చు. ఆ నివేదిక లెక్కలు రక్తంలో చేరే స్థాయిని బట్టి కట్టినవి. అమెరికా ఈఎన్‌టీ వైద్యుల సంఘం 2006లో ఇచ్చిన, 2014లో సవరించిన మార్గదర్శకాల్లో కూడా, మామూలు కేసులో మాత్రలు వద్దు, చుక్కలే చాలని రాసింది. ఇన్ఫెక్షన్ చెవి గొట్టం దాటి దొప్పకో చెంపకో మెడకో పాకితే, రోగికి మధుమేహమో రోగనిరోధక లోపమో ఉంటే అప్పుడు లెక్క మారుతుంది.

చుక్కలు వేయడం అందరికీ తెలిసిన పనే అనిపిస్తుంది. నిజానికి ఎక్కువమంది తప్పుచేసేది ఇక్కడే, తనకు తానే వేసుకుంటే మరీను. సీసాను ముందు ఒకటి రెండు నిమిషాలు అరచేతిలో పట్టుకోవాలి. చల్లటి చుక్క పడితే లోపలి చెవిలోని ద్రవం కదిలి తల గిర్రున తిరుగుతుంది. తర్వాత జబ్బు చెవి పైకి వచ్చేలా పక్కకు పడుకోవాలి. కూర్చుని తల వంచితే సరిపోదు. ఇంకొకరు వేయడం మేలు. పెద్దవాళ్లకయితే దొప్పను పైకీ వెనక్కీ లాగితే గొట్టం తిన్నగా అవుతుంది, చిన్నపిల్లలకయితే కిందికీ వెనక్కీ. చుక్కలు గోడ వెంబడి జారేలా వేస్తే లోపలి గాలి బయటికి వస్తుంది. సూటిగా మధ్యలో వేస్తే గాలి బుడగ అడ్డుపడుతుంది. అప్పుడు మొదట చెప్పిన ఆ బుడిపెను నాలుగైదు సార్లు మెల్లగా నొక్కి వదలాలి, ఆ ఒత్తిడికి మందు లోపలికి దిగుతుంది. మూడు నుంచి ఐదు నిమిషాలు అలాగే పడుకోవాలి. లేచాక బయటికి కారింది తుడవొచ్చు. లోపల దూది కుక్కకూడదు, మందునంతా అదే తాగేస్తుంది.

మోతాదు మందును బట్టి మారుతుంది. ఆఫ్లాక్సాసిన్ 0.3 శాతం చుక్కలకు పదమూడేళ్లు దాటినవాళ్లలో రోజుకు ఒకసారి పది చుక్కల చొప్పున ఏడు రోజులనే లెక్క ఒకటి ఉంది. సిప్రోఫ్లాక్సాసిన్, డెక్సామెథసోన్ కలిసినదైతే రోజుకు రెండుసార్లు, నాలుగేసి చుక్కలు. మీ డాక్టరు రాసిందే మీకు లెక్క. మన అమ్మాయికి రెండో రకం రాశారు. నొప్పికి పారాసిటమాల్, అది చాలకపోతే ఐబుప్రోఫెన్. చుక్కలు పడిన తొలిరోజు నొప్పి మందు గడియారం చూసి వేస్తేనే పిల్ల నిద్రపోతుంది. నొప్పి పూర్తిగా తిరిగొచ్చాక వేస్తే మొదటికొచ్చినట్టే.

నలభై ఎనిమిది నుంచి డెబ్భై రెండు గంటల్లో నొప్పి తగ్గుముఖం పట్టాలి. తగ్గలేదంటే మందు మార్చడానికి తొందరపడేకంటే ముందు కొన్ని ప్రశ్నలు వేసుకోవాలి. చుక్క లోపలికి చేరుతోందా? గొట్టం మళ్లీ మూసుకుందా? జబ్బు నిజంగా ఇదేనా? బూజు పట్టిన చెవిలో నొప్పికంటే దురద ఎక్కువ, లోపల తడిసిన కాగితం ముద్దలాంటిది, దాని మీద నల్లని చుక్కలు కనిపిస్తాయి. ఆ నల్లదనం ఆస్పర్జిల్లస్ నైజర్ అనే బూజుది. యాంటీబయాటిక్ చుక్కలను వారాల తరబడి వాడేవాళ్లకు ఇది వచ్చే అవకాశం ఎక్కువ. దానికి క్లోట్రిమజోల్ లాంటి వేరే చుక్కలు కావాలి. ఇక కారేది జిగురుగా తీగలు సాగుతుంటే అది బయటి గొట్టంలో తయారైంది కాదు, అక్కడ జిగురు గ్రంథులే లేవు. కర్ణభేరి చిల్లు గుండా మధ్యచెవి నుంచి వస్తోందన్నమాట.

మన అమ్మాయికి మూడో రోజున విక్ ఊడివచ్చింది. డాక్టరు మళ్లీ ఒకసారి పొట్టు తీసి చూస్తే ఈసారి కర్ణభేరి కనిపించింది, చెక్కుచెదరలేదు. చుక్కలు ఏడు రోజులు పూర్తిచేశారు. నాలుగో రోజుకే నొప్పి పోయింది. చాలామంది అక్కడే సీసా మూత పెట్టేస్తారు. అది తొందరపాటు.

ఈ వారంలో మిగిలిన సగం వైద్యం నీటిని బయట ఉంచడం. తలస్నానం ఆపితే మంచిది, కుదరకపోతే దూది ఉండకు పైన వాజ్‌లైన్ పూసి రంధ్రం ముందున్న గుంటలో పెట్టాలి. లోపలికి తోయకూడదు. స్నానం అయ్యాక తీసి పారేయాలి, అదే దూదిని ఇంకోసారి వాడకూడదు. ఇయర్‌ఫోన్లు పెట్టుకుంటే చెవిలో తేమ నిలిచిపోతుంది, చెమట పడితే మరీ ఎక్కువ. పొరపాటున నీళ్లు పోతే తలను పక్కకు వంచి, దొప్పను అటూ ఇటూ లాగుతూ కారనివ్వాలి. ఆ తర్వాత జుట్టు ఆరబెట్టే డ్రయర్‌ను తక్కువ వేడిలో, తక్కువ వేగంలో పెట్టి, చెవికి జానెడు దూరంగా పట్టుకుని కాసేపు ఊదాలి.

కొలనులోకి ఎప్పుడు దిగాలి? మామూలుగా ఏడు నుంచి పది రోజులు ఈత మానుకోమంటారు. పోటీల్లో దిగే ఈతగాళ్లకు ఇది పెద్ద శిక్షే, కోచ్ ముఖం చూస్తేనే తెలుస్తుంది. వాళ్లకు ఆ అమెరికా మార్గదర్శకాల్లోనే కొంత వెసులుబాటు ఉంది. చికిత్స పూర్తయ్యాక రెండు మూడు రోజులకు, లేదా నొప్పి పూర్తిగా పోయాక చెవికి సరిగ్గా అమరే ప్లగ్‌లు పెట్టుకుని దిగవచ్చు. సరిగ్గా అమరడం ముఖ్యం. వదులుగా ఉన్న ప్లగ్ వెనుక నీరు నిలిచిపోతుంది. గట్టి ప్లగ్‌ను నొక్కి తోస్తే కొత్త చర్మాన్ని గీరుతుంది. రంధ్రం ముందు పరిచి మూసే మెత్తని సిలికోన్ రకం ఈ దశలో నయం.

కోలుకున్నాక మళ్లీ రాకుండా చూసుకోవడమెలా అన్న ప్రశ్నకు సమాధానం అమెరికా నౌకాదళం దగ్గర దొరికింది. రోజుల తరబడి వెచ్చని తేమగదుల్లో ఉండి లోతుల్లోకి దిగే డైవర్లకు ఈ జబ్బు విపరీతంగా వచ్చేది. 1970లలో వాళ్లు పెట్టుకున్న నియమం ఇది: అల్యూమినియం ఎసిటేట్‌లో 2 శాతం ఎసిటిక్ ఆమ్లం కలిపిన ద్రావణాన్ని ఉదయం, రాత్రి, ప్రతి డైవ్ తర్వాత ఒక్కో చెవి నిండా పోసి ఐదు నిమిషాలు ఉంచాలి. గడియారం చూసి మరీ ఐదు నిమిషాలు. అంతకంటే తగ్గిస్తే ఫలితం బాగా తగ్గుతుందని వాళ్ల చేతిపుస్తకంలో హెచ్చరిక ఉంది. గులిమి పోగొట్టుకున్న ఆమ్లగుణాన్ని ఇది తిరిగి అందిస్తుంది. వంటింటి తెల్ల వినెగర్‌లో ఎసిటిక్ ఆమ్లం సుమారు 4 శాతం ఉంటుంది. దానికి సమానంగా ఐసోప్రొపైల్ ఆల్కహాల్ కలిపితే 2 శాతం అవుతుంది, ఆల్కహాల్ చెవిని ఆరబెడుతుంది కూడా. ఈత అయ్యాక కొన్ని చుక్కలు వేసుకుంటే చాలు.

అయితే ఇది నివారణకే, జబ్బుకు మందు కాదు. మంటెక్కిన చర్మం మీద ఆల్కహాల్ పడితే నిప్పుపెట్టినట్టుంటుంది. కర్ణభేరికి చిల్లు ఉన్నవాళ్లు, చెవిలో గ్రోమెట్ గొట్టం వేయించుకున్న పిల్లలు, గతంలో చెవి శస్త్రచికిత్స అయినవాళ్లు అసలు వాడకూడదు. వినెగర్‌తోనే వైద్యం చేస్తే ఏమవుతుందన్నది కూడా పరీక్షించి చూశారు. నెదర్లాండ్స్‌లో కుటుంబ వైద్యుల దగ్గరకు వచ్చిన 213 మంది పెద్దవాళ్ల మీద చేసిన అధ్యయనం 2003లో బీఎంజే పత్రికలో వచ్చింది. ఒక్క ఎసిటిక్ ఆమ్లమే వాడినవాళ్లకు లక్షణాలు పోవడానికి సగటున ఎనిమిది రోజులు, దానికి స్టెరాయిడ్ కలిపితే ఏడు, స్టెరాయిడ్‌తో యాంటీబయాటిక్ కలిపితే ఆరు. తేడా రెండు రోజులే అనిపించవచ్చు. ఆ నొప్పితో రెండు రాత్రులు గడిపినవాళ్లను అడిగితే అది చిన్న తేడా కాదంటారు.

మధుమేహం ఉన్న పెద్దవాళ్ల విషయంలో మాత్రం ఈ వ్యాసంలో చెప్పిన నింపాది ఏదీ వర్తించదు. పగటికంటే రాత్రిపూట మరీ లోతుగా పొడిచే నొప్పి, చుక్కలు వేసినా వారాల తరబడి తగ్గని స్రావం, ఆ పక్క ముఖం వంకరపోవడం, ఇవి ఇన్ఫెక్షన్ పుర్రె అడుగు ఎముకలోకి పాకిందనడానికి గుర్తులు. దానికి చుక్కలు సరిపోవు. స్కానింగ్, వారాలపాటు లోపలికి ఇచ్చే యాంటీబయాటిక్‌లు, కట్టుదిట్టమైన షుగర్ అదుపు కావాలి. తాతయ్య చెవి, మనవరాలి చెవి ఒకేలా నొప్పి పెడుతున్నా, మనవరాలికి రాసిన సీసా తాతయ్య చెవిలో వేయకూడదు. ఆయన్ను ఆ రోజే ఆస్పత్రికి తీసుకెళ్లాలి.